బొమ్మ క్రింద నాలుగు మాటలు

ఈ వారం మాట్లాడబోయేది కవిత్వాన్ని గురించి కాదు. కూరగాయల బొమ్మల క్రింద వ్రాసే రెండు మూడు పంక్తులను గురించి. తెలుగు ఎమ్మే చదివి, ఇరవై యేళ్ళుగా ప్రబంధాలు పాఠం చెబుతున్నవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా యింట్లోనూ అదే అడిగారు. కాని నాలుగు నెలలుగా ఈ పనిలో పడి, క్లాసులో ఎన్నడూ తట్టని కొన్ని సంగతులు తెలుసుకున్నాను. అవి మీ చెవిన వేయకుండా ఉండలేను.

జనగామ వైపు రైతులు కొందరు సంఘంగా కూడి, మందులు కొట్టకుండా పండించిన ఆకుకూరలూ, బియ్యమూ, పప్పులూ ప్రతి ఆదివారం ఉదయం మా పాతబస్తీకి తెచ్చి ఇస్తున్నారు. గౌలిపురా, లాల్ దర్వాజా, శాలిబండ వీధులవాళ్ళం వెళ్ళి తెచ్చుకుంటాం. మండీ లేదు, మారుబేరగాడు లేడు. ఏ వారం ఏముందో సెల్‌ఫోనులో వాట్సాప్ ద్వారా బొమ్మలు పంపిస్తారు. మనం కావలసినవి చెబుతాం. సంఘం లెక్కలు చూసే కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "సార్, బొమ్మలు మేమే తీస్తున్నం. కింద తెలుగు జర మీరు చూడాలె" అని పట్టుకున్నాడు.

ఇలా నేరుగా అమ్మడం తెలంగాణలో కొత్త కాదు. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో 1983 నుంచీ పని చేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కొర్రలూ, సామలూ, జొన్నలూ తామే పండించి తామే అమ్ముతున్నాయి. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి 2006 లో ఊరు మొత్తం రసాయనాలు మానేసినట్టు ప్రకటించుకున్నది. హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రంవారు ఇటువంటి రైతుల సరుకుకు 'సహజ ఆహారం' అనే పేరుతో అంగడి ఏర్పాటు చేశారు. 2003 లో కంపెనీల చట్టంలో వచ్చిన మార్పు వల్ల పదిమంది రైతులు కలిస్తే చాలు, వాళ్ళే వాటాదారులుగా ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. అందుచేత చట్టం ఉన్నది, పంట ఉన్నది, కొనేవాళ్ళున్నారు. మధ్యవర్తిని తీసేశారు బాగానే ఉంది. ఇంతకాలం ఆ మధ్యవర్తి నోటితో చెబుతూ వచ్చిన మాటలు మాత్రం ఇప్పుడు ఎవరో ఒకరు వ్రాయాలి గదా!

కుర్రవాడు తెచ్చిన మొదటి బొమ్మ చింతచిగురుది. ఎర్రఎర్రగా, లేతగా, వెదురుబుట్టలో చూడముచ్చటగా ఉంది. దాని క్రింద ఇలా వ్రాసుకున్నాడు:

"స్వచ్ఛమైన, సహజమైన, నూటికి నూరుపాళ్ళు సేంద్రియ చింతచిగురు! ఆరోగ్యమే మహాభాగ్యం! త్వరపడండి! నేడే ఆర్డర్ చేయండి!"

తప్పులేమీ లేవు, ఒత్తులన్నీ సరిగానే ఉన్నాయి. కాని కూర వండుకోదలచిన ఇల్లాలు ఈ నాలుగు ఆశ్చర్యార్థకాలలో వెతికితే ఆమెకు కావలసినది ఒక్కటీ దొరకదు. ధర ఎంత? ఎంత తూకం? ఏనాడు వస్తుంది? ఎక్కడికి వెళ్ళి తెచ్చుకోవాలి? అన్నిటికంటె చిక్కు తెచ్చేది 'నేడే' అన్న మాట. గోడమీది కాగితం వానకు తడిసి రాలిపోతుంది. వాట్సాప్ బొమ్మకు ఆ గతి పట్టదు. అది వదినగారి ఫోను నుంచి ఆడబిడ్డ ఫోనుకూ, అక్కడినుంచి పక్కింటికీ నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అది తిరిగినన్నాళ్ళూ 'నేడే' అంటూనే ఉంటుంది.

అలాగే జరిగింది. ఉగాదికి ముందు పంపిన బొమ్మ వైశాఖంలో శాలిబండలో ఒక ముస్లిం కుటుంబం చేతికి చేరింది. మన చింతచిగురును వాళ్ళు 'చిగుర్' అనే అంటారు. దానితో వండే చిగుర్ గోష్త్ హైదరాబాదు వంటలలో పేరెన్నిక గన్నది. ఆ యింటి పెద్దమ్మగారు, వీధి అంతా ఖాలా అని పిలిచే ఆవిడ, కూతురు పురిటికి వచ్చిందని ముచ్చటపడి కిలో కావాలన్నది. సంఘంవాళ్ళు కాదనలేక చెట్టున మిగిలిన ఆకు దూసి పంపారు. ఖాలా వండింది. ఆకు నోట్లో పీచులా తగిలింది. "భాయ్, ఇది చిగుర్ కాదు, చెట్టు" అని మరుసటి ఆదివారం అందరి ముందరా అనేసింది. డబ్బు వాపసు ఇచ్చారు గాని, ఆ గల్లీలో మూడు ఇళ్ళవాళ్ళు రావడం మానేశారు. వారానికి నలభై ఇళ్ళమీద నడిచే వ్యాపారంలో మూడు ఇళ్ళు పోవడమంటే సంగతేమిటో ఆలోచించండి. ఆ ఇళ్ళకోసమని విత్తిన తోటకూర మండీకి పోవలసిందే. అక్కడ దానికి మందు కొట్టిన కూర ధరే గాని ఒక్క రూపాయి ఎక్కువ రాదు.

చింతచిగురు తత్వం ఏమిటో సంఘంలోని పెద్దాయన ఒకరు నాకు చెప్పారు. "ఉగాదికి అటిటు వస్తది సారూ. ఒక చెట్టుకు లేతగ ఉండేది పది పన్నెండు దినాలే. ఎండ ముదిరితే ఆకు ముదురుతది" అన్నారు. చెట్లన్నీ ఒకేసారి చిగురించవు గనక ఊరు మొత్తం మీద నెలా నెలన్నర దొరుకుతుంది. తెల్లవారుజామున కోస్తారు. కోసిన చిగురును ప్లాస్టిక్ సంచిలో కుక్కితే సాయంత్రానికి తనలో తానే వేడెక్కి నల్లబడుతుంది; అందుకని గుడ్డసంచిలో వదులుగా పోయాలి. లేతదో ముదిరినదో చెప్పడానికి కొద్దిగా తీసుకుని రెండు అరచేతుల మధ్య నలిపి చూడాలి. లేతదైతే పొడిపొడిగా నలుగుతుంది. ముదిరినదైతే ఆకు రాలిపోయి ఈనెలు గట్టిగా చేతిలో మిగులుతాయి.

ఇంకొక చమత్కారం గమనించారా? చింతచెట్టుకు ఎవడు మందు కొడతాడు? చేనిగట్టున తాతలనాటి చెట్టు అది. బజారులో వచ్చే చిగురు కూడా చాలావరకు అలాంటిదే. అంచేత 'నూటికి నూరుపాళ్ళు సేంద్రియ' అని దానిమీద వ్రాస్తే వీళ్ళకు ప్రత్యేకంగా ఒరిగేది లేదు. వీళ్ళ సరుకులో నిజంగా ఉన్న విశేషం వేరు: నిన్న తెల్లవారుజామున కోసినది ఈవేళ ఇంటికి వస్తున్నది. చెప్పవలసినది అదే.

ఇద్దరం కూర్చుని వ్రాసిన రెండో పాఠం ఇది:

"చింతచిగురు. పావుకిలో 100 రూపాయలు. శనివారం తెల్లవారుజామున కోసి ఆదివారం ఉదయం 7 నుంచి 9 దాకా గౌలిపురాలో ఇస్తాం. గురువారం రాత్రి 8 లోపల చెప్పినవారికే. ఏప్రిల్ 20 తరువాత దొరకదు. వచ్చిన రోజే వండుకోండి. లేదా నీడన ఆరబెట్టి దాచుకోండి. తీసుకునే ముందు అరచేత నలిపి చూడండి; ఈనె మిగిలితే తీసుకోవద్దు."

ఇందులో చివరి వాక్యం దగ్గర కుర్రవాడు జంకాడు. "మనమే తీసుకోవద్దని రాస్తే ఎట్ల సార్?" అన్నాడు. ఖాలాను తలుచుకోమన్నాను. ఆ పరీక్ష బొమ్మ క్రింద ఉంటే ముదిరిన ఆకు బండి ఎక్కదు. కోసేవాళ్ళకే తెలుస్తుంది, అక్కడ అందరూ నలిపి చూస్తారని.

'ఏప్రిల్ 20 తరువాత దొరకదు' అన్నది నా దృష్టిలో అన్నిటికంటె విలువైన మాట. ఈ తేదీని పెద్దాయనే చెప్పారు, కాని తేదీగా చెప్పలేదు. రైతులు కార్తెలలో మాట్లాడతారు. మృగశిరలో విత్తాం, స్వాతిలో కోశాం అంటారు. నాబోటి పంతులుకు వినడానికి ఇంపుగా ఉంటుంది. పట్నంలో ఆఫీసుకు పోయేవాళ్ళకు మాత్రం గోడమీది కాలెండరు కావాలి. మా పాతబస్తీలో ఇంకొక కాలెండరు కూడా ఉన్నది. రంజాన్ 2024 లో మార్చి 12న మొదలయితే 2025 లో మార్చి 2నే వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024 లో ఉపవాస మాసమూ చిగురు కాలమూ కలిసి వచ్చాయి. పై యేళ్ళలో విడిపోతూ వస్తాయి. ఆ నెలలో పుదీనా, కొత్తిమీర, నిమ్మకాయలు ఎంతైనా చెల్లుతాయి. తెల్లవారకముందే లేచి సహరీ ముగించినవాళ్ళు ఆదివారం 7 గంటలకు సంచి పట్టుకుని రమ్మంటే ఎట్లా వస్తారు? ఆ నెలంతా సరుకు ఇచ్చే వేళ 10 గంటలకు జరిపాం. అదీ బొమ్మ క్రింద వ్రాశాం. అందుకే నిరుటి బొమ్మను నిరుటి మాటలతో మళ్ళీ పంపకూడదు.

గురువారం రాత్రి 8 అనే గడువు దగ్గర నాకూ కొనేవాళ్ళకూ కూడా మొదట అనుమానమే. ఆదివారం ఇచ్చే కూరకు గురువారమే చెప్పమనడం అధికారుల ధోరణిలా లేదూ? కాని లెక్క చూస్తే సబబే. గురువారం రాత్రి కుర్రవాడు ఇళ్ళవారీగా వచ్చిన కోరికలను కూరలవారీగా మార్చుకుంటాడు. నలభై ఇళ్ళలో ఇరవై అయిదు ఇళ్ళు తోటకూర రెండేసి కట్టలు అడిగాయనుకోండి, యాభై కట్టలు. శుక్రవారం ఆ యాభై కట్టలను ముగ్గురు రైతుల మధ్య పంచుతాడు: నీవి ఇరవై, నీవి ఇరవై, నీవి పది. శనివారం కోత, తూకం, కట్టలు, రాత్రికి బండి. శుక్రవారం సాయంత్రం ఎవరో 'మాకూ రెండు' అంటే, ఆ రెండు కట్టలకోసం మళ్ళీ ముగ్గురికి ఫోన్లు చేయాలి. పోనీ కొంచెం ఎక్కువే కోసుకువస్తే? ఆకుకూర మిగిలితే ఆదివారం మధ్యాహ్నానికే వాడిపోతుంది. కోయకుండా మడిలో ఉంచితే మాత్రం ఇంకో మూడు రోజులు బ్రతుకుతుంది. గడువు ఉన్నది అందుకు. ఈ కారణాన్ని ఒక్క వాక్యంగా బొమ్మ క్రింద చేర్చాం: "మీరు చెప్పిన తరువాతనే కోస్తాం, అందుకని గురువారమే చెప్పాలి." ఈ వాక్యం పెట్టినప్పటినుంచీ శుక్రవారపు ఫోన్లు బాగా తగ్గాయని కుర్రవాడు అంటున్నాడు.

కట్ట అన్న మాటకూ ఒక హద్దు కావాలి. మీర్ ఆలం మండీలో పొద్దున కట్టకూ సాయంత్రం కట్టకూ ఎంత తేడా ఉంటుందో కొన్నవాళ్ళందరూ ఎరుగుదురు. అందుకని 'కట్ట, సుమారు 250 గ్రాములు' అని వ్రాయిస్తున్నాను. 'సుమారు' ఎందుకంటే మంచుకు తడిసిన కూర ఒకలా తూగుతుంది, ఆరినది ఒకలా. వానాకాలంలో ఇంకొక వాక్యం తప్పనిసరి: "శనివారం గట్టి వాన పడితే ఆకుకూర కోయం, మీ డబ్బు వచ్చే వారానికి జమ." తడిసిన ఆకును మూటగడితే బండిలోనే కుళ్ళు మొదలవుతుంది. రాని కూరకు బదులు అడగకుండా ఇంకో కూర పెట్టి ఇవ్వడం కొన్నిచోట్ల ఆచారమట, అది వద్దన్నాను. గోంగూర అడిగిన ఇంట్లో పాలకూర దిగితే ఆ పూట పచ్చడి ఏం కావాలి?

బియ్యం బొమ్మకు వేరే చిక్కు. వానాకాలపు వరి కార్తీక మార్గశిరాలలో ఇంటికి వస్తుంది. వెంటనే మర పట్టించి అమ్మితే అవి కొత్త బియ్యం, అన్నం ముద్దవుతుంది. పాత బియ్యానికి అలవాటు పడిన పట్నంవాళ్ళు దానిని చూసి బియ్యంలోనే ఏదో లోపమున్నదంటారు. పైగా మందు లేని బియ్యంలో పురుగు తొందరగా చేరుతుంది. అది చూసి సంఘానికి తిట్లు. అంచేత ఆ బొమ్మ క్రింద ధరకంటె ముందు ఈ సంగతులు వ్రాశాం: "ఈ డిసెంబరులో నూర్చిన వడ్ల కొత్త బియ్యం. ఎసరు కొంచెం తగ్గించి పొయ్యండి. పాత బియ్యం కావలసినవారు జూన్ దాకా ఆగండి, పేరు వ్రాసుకుంటాం. మందు కలపలేదు గనక నెలకు సరిపడా మాత్రమే కొనండి, వేపాకు వేసి గాలి తగలని డబ్బాలో ఉంచండి." నెలకు మాత్రమే కొనమనడం వ్యాపారానికి విరుద్ధమని మా బావగారు నవ్వారు. బస్తాడు కొని మూడో నెలలో పురుగు చూసినవాడు మళ్ళీ కొనడు. నెలనెలా కొనేవాడు పన్నెండుసార్లు వస్తాడు.

మామిడి సంగతి వేగంగా చెప్పి పోతాను. కార్బైడు వేయని కాయ గట్టిగానే ఇంటికి వస్తుంది. గడ్డిలోనో కాగితంలోనో నాలుగైదు రోజులు మాగవేసుకోవాలి. బొమ్మలో మాత్రం పసుపుపచ్చని పండు పెడతారు! పచ్చికాయ బొమ్మే పెట్టమన్నాను. కొనేవాడి చేతికి వచ్చేది అదే కదా.

ఇక అసలు పేచీ 'సేంద్రియ' అన్న మాట. దానిని వాడాలా వద్దా అన్నది తెలుగు పంతులు తేల్చేది కాదు, చట్టం తేల్చవలసినది. ఆహార భద్రతా సంస్థ 2017 లో చేసిన నిబంధనల ప్రకారం, సేంద్రియమని అమ్మే సరుకుకు రెండు పద్ధతులలో ఏదో ఒక ధ్రువపత్రం కావాలి. ఒకటి బయటి సంస్థ వచ్చి పరీక్షించి ఇచ్చేది, ఖర్చుతో కూడినది. రెండోది పీజీఎస్ అనేది. చుట్టుపక్కల రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుని పూచీ పడతారు. ఏడాదికి పన్నెండు లక్షలకు మించని అమ్మకం గల చిన్న రైతులూ, వాళ్ళ సంఘాలూ తినేవాళ్ళకు నేరుగా అమ్ముకుంటే ఈ ధ్రువపత్రం లేకపోయినా ఫరవాలేదని మినహాయింపు ఇచ్చారు. కాని 'జైవిక్ భారత్' ముద్ర మాత్రం వేసుకోకూడదు. దుకాణంలో పెట్టి అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు. కుర్రవాడు ఇంటర్నెట్టులో చూసి ఆ ఆకుపచ్చ ముద్రను అందంగా ఉన్నదని బొమ్మ మూలన అంటించాడు. తీయించాను.

దానికి తోడు సంఘంలో రైతులందరూ ఒకే మెట్టుమీద లేరు. కొందరు పూర్తిగా రసాయనాలు మానేసి ఏళ్ళయింది. కొందరు పురుగుమందు మానేశారు గాని వరికి యూరియా ఇంకా వేస్తున్నారు. కషాయాలు కొట్టి పురుగును అదుపులో పెట్టడం వేరు, ఎరువు కూడా మానడం వేరు. ఇద్దరి వడ్లనూ ఒక రాశిగా పోసి 'సేంద్రియ' అని వ్రాస్తే మొదటి రైతుకు అన్యాయం, కొన్నవాడికి మోసం. అందుకని మాటలు విడగొట్టాం. మొదటివాళ్ళ సరుకుకు 'రసాయన ఎరువులు, పురుగుమందులు రెండూ లేవు. మానేసి ఇన్నేళ్ళు' అనీ, రెండోవాళ్ళ సరుకుకు 'పురుగుమందు కొట్టలేదు. యూరియా వేశాం' అనీ. రెండో వాక్యం దగ్గర సంఘంలో పెద్ద రగడే అయింది. యూరియా అని వ్రాస్తే ఎవడు కొంటాడన్నారు. కిలోకు కొన్ని రూపాయలు తగ్గించి పెట్టి చూడండన్నాను. అవీ పోతున్నాయి. తక్కువ ధరకు పురుగుమందు లేనిది చాలుననుకునే ఇళ్ళు మా బస్తీలో చాలా ఉన్నాయి.

ఆఖరున దొరకనివాటి జాబితా ఒకటి. నెల మొదటి ఆదివారం బొమ్మ లేకుండా అక్షరాలు మాత్రమే పంపుతాం. జనవరిలో పంపినది ఇలా ఉంది: "ఈ నెల ఉన్నవి: పచ్చి కందికాయలు, అనపకాయలు, మెంతికూర, పాలకూర, కొత్త బియ్యం. లేనివి: మామిడి, చింతచిగురు, సీతాఫలం. కొత్త కందిపప్పు ఫిబ్రవరిలో, యాసంగి జొన్నలు మార్చిలో వస్తాయి." సీతాఫలం ఎప్పుడని అడిగేవాళ్ళకు సెప్టెంబరు నుంచి అని జవాబు.

ఇదంతా తెలుగు చదవగలవాళ్ళకు సరే. మా వీధులలో తెలుగు చక్కగా మాట్లాడుతూ అక్షరాలు రానివాళ్ళూ, ఉర్దూ మాత్రమే చదివేవాళ్ళూ సగంమంది. వాళ్ళకోసం బొమ్మతోపాటు గొంతు కూడా రికార్డు చేసి పంపమన్నాను. అరనిమిషానికి మించకూడదు, పేరు, తూకం, ధర, చెప్పవలసిన గడువు, ఇచ్చే చోటు, ఆ వరసలోనే. గోంగూరను అంబాడా అనాలి, మెంతికూరను మేథీ అనాలి, చిగుర్ చిగురే. కుర్రవాడి ఉర్దూ అంతంత మాత్రం. మొన్న ఆదివారం చూద్దును గదా, కుర్చీ వేయించుకుని కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెబుతున్నది ఖాలా. "జుమేరాత్ రాత్ ఆఠ్ బజే తక్" అని రెండుసార్లు నొక్కి పలికింది. తరువాత బుట్టలోంచి మెంతికూర కట్ట తీసి, తూకం వేసి చూపించమన్నది.